ఆరు నెలల ప్రొబేషన్ దాటింది, కన్ఫర్మేషన్ లెటర్ ఇవ్వలేదు, తొమ్మిదో నెలలో తీసేశారు. ఎంత రావాలి?

పెన్నాగట్టు

మా చెల్లెలి ఉద్యోగం గురించి అడుగుతున్నా. నెల్లూరులో ఒక రొయ్యల మేత కంపెనీ వాళ్ల టౌన్ ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్. 2025 మార్చి 3న చేరింది, గ్రాస్ 24,000. ఆఫర్ లెటర్లో ఆరు నెలల ప్రొబేషన్ అని ఉంది, అంటే సెప్టెంబరు 2తో అయిపోయింది. కన్ఫర్మ్ చేశామని లెటర్ రాలేదు. పొడిగిస్తున్నామని కూడా ఏ కాగితమూ ఇవ్వలేదు. జీతం మాత్రం ప్రతి నెలా పడింది.

నవంబరు 10 సాయంత్రం పిలిచి, మీ సేవలు ఇక అవసరం లేదు, ఈ రోజుతో రిలీవ్ చేస్తున్నాం అని రెండు లైన్ల లెటర్ చేతిలో పెట్టారు. కారణం రాయలేదు. ఏడు రోజుల జీతం ఇస్తారంట. ఆరు నెలలు దాటింది కాబట్టి తనంతట తానే పర్మనెంట్ అయినట్టే కదా? ఏడు రోజులతో ఎట్ట సరిపెడతారు?

కావలి కుర్రోడు

అయినట్టే అన్నా. మార్చి 3 నుంచి నవంబరు 10 దాకా లెక్కేస్తే 253 రోజులు. 240 రోజులు దాటితే పర్మనెంట్ అని చట్టంలోనే ఉంది. లేబర్ కోర్టుకెళ్తే ఉద్యోగం తిరిగి ఇప్పిస్తారు, ఖాళీగా ఉన్న నెలల జీతంతో సహా.

తెల్లచొక్కా

ప్రొబేషన్ డిక్లేర్ చేయాలంటే డిపార్ట్‌మెంటల్ టెస్ట్ పాసవ్వాలి కదండీ, మీ చెల్లెలు రాసిందా? సచివాలయాల్లో మేం 2019 అక్టోబరులో 15,000కి చేరాం. రెండేళ్ల ప్రొబేషన్ అన్నారు గానీ డిక్లేర్ చేసేసరికి 2022 జూన్ అయింది, స్కేలు ఆ తర్వాతే. లేటైనంత మాత్రాన తీసేయడం ఉండదు, కలెక్టరాఫీసులో అర్జీ పెట్టమనండి.

పెన్నాగట్టు

తెల్లచొక్కా గారూ, ఇది ప్రైవేటు కంపెనీ అండీ. టెస్టులూ స్కేలూ ఏమీ లేవు.

కోర్టు సెంటర్

లెటర్లో ప్రొబేషన్ గురించి, నోటీసు గురించి ఉన్న పేరాలు ఒక్క మాట వదలకుండా ఇక్కడ పెట్టండి. మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు పేరాల్లోనే ఉంటుంది. ఇంకో సంగతి, ఆ టౌన్ ఆఫీసు ఫ్యాక్టరీ కాంపౌండులో ఉందా, విడిగా ఉందా? ఆఫీసు గోడకి షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తగిలించి ఉంటుంది, మీ చెల్లెలికి గుర్తుందేమో అడగండి.

పెన్నాగట్టు

ఆఫీసు మాగుంట లేఅవుట్లో అద్దె బిల్డింగు. ప్లాంటు వేరే చోట, చాలా దూరం. సర్టిఫికెట్ రిసెప్షన్ వెనకాల ఫ్రేము కట్టి ఉందంట. లెటర్ ఇంగ్లీషులో ఉంది, భావం ఇదీ:

పేరా 4: చేరిన తేదీ నుంచి ఆరు నెలలు ప్రొబేషన్. కంపెనీ తన ఇష్టం మేరకు పొడిగించవచ్చు. లిఖితపూర్వకంగా కన్ఫర్మ్ చేసేదాకా ఉద్యోగి ప్రొబేషన్‌లోనే ఉన్నట్టు లెక్క.

పేరా 5: ప్రొబేషన్‌లో ఏ పక్షమైనా ఏడు రోజుల నోటీసుతో గానీ, దానికి బదులు జీతంతో గానీ, కారణం చెప్పకుండా ముగించవచ్చు. కన్ఫర్మ్ అయ్యాక ఏ పక్షమైనా రెండు నెలల నోటీసు ఇవ్వాలి.

కోర్టు సెంటర్

పేరా 4 చివరి వాక్యం మీ చెల్లెలికి అడ్డం. గడువు దాటితే కన్ఫర్మ్ అయినట్టేనా అన్న దాని మీద సుప్రీంకోర్టు తీర్పులు చాలా ఉన్నాయి, అన్నీ చివరికి ప్రొబేషన్ గురించి ఏ మాటలు రాశారన్న దగ్గరికే వస్తాయి. 1968లో పంజాబ్ టీచర్ల కేసులో రూల్సు ప్రొబేషన్‌కి మూడేళ్ల గరిష్ఠ హద్దు పెట్టాయి. హద్దు దాటాక కూడా పనిలో కొనసాగించారు కాబట్టి కన్ఫర్మ్ అయినట్టే అన్నారు. 2012లో లవ్‌డేల్ స్కూలు కేసులో కన్ఫర్మేషన్‌కి వేరే ఆర్డరు ఉండాలన్నట్టు రూలు ఉంది. అక్కడ గడువు దాటినా కన్ఫర్మ్ అయినట్టు కాదన్నారు. మీ లెటర్లో గరిష్ఠ హద్దు లేదు, లిఖితపూర్వకంగా అన్న మాట ఉంది. అది రెండో కేసుకి దగ్గర. కాబట్టి ఆమె పర్మనెంట్ అయిపోయింది, రెండు నెలల నోటీసు రావాలి అనే వాదన మీద బరువు వేయకండి.

అంతమాత్రాన ఏడు రోజులతో సరిపోతుందని కాదు. మన రాష్ట్రంలో 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ఉంది. దాని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలకు తగ్గకుండా వరసగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా తీసేయాలంటే కనీసం నెల రోజుల లిఖిత నోటీసు, లేదా నెల జీతం ఇవ్వాలి. ఆ సెక్షన్ చూసేది ఎన్నాళ్లు పనిచేశారన్నది, కన్ఫర్మ్ అయ్యారా అన్నది కాదు. ఆమె ఎనిమిది నెలలు దాటి పనిచేసింది. లెటర్లో ఏడు రోజులని రాసుకున్నా, చట్టం పెట్టిన కనీసం కంటే తగ్గించి రాసుకుంటే చెల్లదు.

లెక్క: 24,000ని 30తో భాగిస్తే రోజుకి 800. ఏడు రోజులకి 5,600. నెలకి 24,000. తేడా 18,400. మీరు పోరాడాల్సింది ఈ అంకె గురించి.

ఇది ఆఫీసు కాబట్టి చెబుతున్నా. ఫ్యాక్టరీ కాంపౌండు లోపల పనిచేసే వాళ్లకి షాపుల చట్టం వర్తించదు, వాళ్ల దారి వేరు. ఐటీ కంపెనీలకి కూడా ఈ చట్టంలో కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చారు, కాబట్టి అందరికీ ఇదే లెక్క అనుకోవద్దు.

ఒంగోలు హెచ్ఆర్

కోర్టు సెంటర్ గారు చెప్పిన ఆరు నెలల గీత గురించే మా వైపు నుంచి చెప్తా. పద్ధతిగా నడిచే కంపెనీలో ప్రొబేషన్ ముగిసే తేదీకి నెల ముందే ఆ డిపార్ట్‌మెంట్ హెడ్‌కి ఒక అసెస్‌మెంట్ ఫారం వెళ్తుంది. కన్ఫర్మ్ చేయాలా, పొడిగించాలా, పంపేయాలా అని మూడు గడులు, ఏదో ఒకటి టిక్ చేసి తిప్పి పంపాలి. పంపేయాలనుకుంటే అయిదో నెలలోనే లెటర్ ఇస్తారు. అది గడువు కోసం మాత్రమే కాదు, ఆరో నెల నిండితే నెల జీతం లెక్క వస్తుందని. ఇక్కడ ఫారం ఎక్కడో టేబుల్ మీద ఆగిపోయి ఉంటుంది. పొడిగింపు లెటర్ కూడా లేదంటే ఫైల్లో ఏమీ లేదన్న మాటే.

ఇంకో సంగతి, కన్ఫర్మేషన్ లెటర్ వస్తే ఏదో గవర్నమెంటు ఉద్యోగం వచ్చినంత భరోసా అనుకుంటారు చాలామంది. మీ పేరా 5 మళ్లీ చదవండి. కన్ఫర్మ్ అయ్యాక కూడా రెండు నెలల నోటీసుతో కంపెనీ తీసేయగలదు. అంటే మారింది పంపేయడానికి అయ్యే ఖర్చు, ఏడు రోజుల నుంచి అరవై రోజులకి. ఆ ఖర్చు ఉద్యోగి వైపు కూడా పెరుగుతుందని మర్చిపోతారు. వేరే చోట ఆఫర్ వస్తే అరవై రోజులు ఆగాలి, లేదా జీతం వదులుకోవాలి.

దానితోపాటు సాధారణంగా మారేవి ఎర్న్‌డ్ లీవు వాడుకునే వీలు, గ్రూపు మెడికల్ ఇన్సూరెన్సు, ఏప్రిల్ ఇంక్రిమెంటు లిస్టులో పేరు. ఇవి కంపెనీ పాలసీని బట్టి ఉంటాయి. పీఎఫ్ మాత్రం చేరిన రోజు నుంచే కట్టాలి. ప్రొబేషన్ అయ్యాక పీఎఫ్ మొదలుపెడతాం అనే కంపెనీ తప్పు చేస్తున్నట్టే. గ్రాట్యుటీ సర్వీసు కూడా మొదటి రోజు నుంచే లెక్క, కన్ఫర్మేషన్ తేదీ నుంచి కాదు.

కావలి కుర్రోడు

మరి 240 రోజుల సంగతేంది సార్? పేపర్లో ఎన్నిసార్లు చూశాం.

కోర్టు సెంటర్

అది అబద్ధం కాదు తమ్ముడూ, సగమే. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే పారిశ్రామిక వివాదాల చట్టంలో ఏడాది నిరంతర సర్వీసు కింద లెక్క. ఆదివారాలూ జీతంతో కూడిన సెలవులూ అందులో కలుస్తాయి కాబట్టి 253 నుంచి జీతం లేని సెలవులు తీసేస్తే చాలు. ఆ సర్వీసు ఉన్న వర్కర్ని రిట్రెంచ్ చేయాలంటే, అంటే శిక్షగా కాకుండా వేరే కారణంతో తీసేయాలంటే, నెల నోటీసు, పరిహారం కావాలి. కానీ 240 రోజులతో ఎవరూ పర్మనెంట్ అయిపోరు. రిట్రెంచ్‌మెంట్ పద్ధతి పాటించాల్సి వస్తుంది, అంతే.

పైగా కాంట్రాక్టులో రాసుకున్న షరతు ప్రకారం ముగిస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందికే రాదని ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. 1994లో మన మచిలీపట్నం ఎల్ఐసీ డివిజన్ కేసులో ప్రొబేషన్‌లో ఉన్న డెవలప్‌మెంట్ ఆఫీసర్ విషయంలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపునే వర్తింపజేసింది. అందుకే ప్రొబేషన్ కేసుల్లో ఆ దారి కష్టం. షాపుల చట్టం దారి చిన్నది, సూటిది. లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది గానీ, ఈమె లెటర్ 10నే వచ్చింది. షాపుల చట్టం రాష్ట్రానిది, ఆ కోడ్‌లు దాన్ని రద్దు చేయలేదు.

కందుకూరు శీను

నాది దీనికి తిరగబడ్డ కేసు సార్. నాకూ ఆరు నెలలు దాటి మూడు నెలలైంది, లెటర్ ఇవ్వలేదు. ఇప్పుడు చెన్నైలో ఆఫర్ వచ్చి రాజీనామా పెడితే, నువ్వు కన్ఫర్మ్ అయినట్టే లెక్క, రెండు నెలలు ఉండి పో, లేదంటే రెండు నెలల జీతం కట్టు అంటున్నారు. నా ఆఫర్ లెటర్లో కూడా లిఖితపూర్వకంగా కన్ఫర్మ్ చేసేదాకా అనే ఉంది. ప్రొబేషన్ నోటీసు పదిహేను రోజులు.

కోర్టు సెంటర్

అదే వాక్యం ఇప్పుడు నీకు పనికొస్తుంది శీనూ. లెటర్ ఇవ్వనంతవరకు ప్రొబేషన్ అని రాసింది వాళ్లే. తీసేసేటప్పుడు ప్రొబేషన్, వెళ్లేటప్పుడు కన్ఫర్మ్ అంటే కుదరదు. రాజీనామా ఈమెయిల్లో ఆ పేరా నంబరు వేసి, నాకు ఇప్పటిదాకా కన్ఫర్మేషన్ లెటర్ అందలేదు, కాబట్టి పేరా ఫలానా ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇస్తున్నాను, నా చివరి పనిదినం ఫలానా తేదీ అని రాయి. ఒక జాగ్రత్త: ఈ పదిహేను రోజుల్లో హడావిడిగా పాత తేదీతో కన్ఫర్మేషన్ లెటర్ తెచ్చి సంతకం పెట్టమంటే, అందిన తేదీ నీ చేత్తో వేయకుండా సంతకం పెట్టొద్దు.

ఒంగోలు హెచ్ఆర్

పాత తేదీ లెటర్లు ఇస్తారు, నిజమే. చాలాసార్లు మంచి ఉద్దేశంతోనే, ఇంక్రిమెంటు పోకూడదని. అందుకే లెటర్ పైన ఉన్న తేదీ, అమల్లోకి వచ్చే తేదీ, చేతికి అందిన తేదీ మూడూ వేరువేరని గుర్తుంచుకోవాలి. ఇంకోటి, కన్ఫర్మేషన్ లెటర్ రెండు పేజీలు ఉంటే రెండో పేజీ చదవండి. ఆఫర్ లెటర్లో లేని ట్రాన్స్‌ఫర్ షరతు, మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు అక్కడే కొత్తగా చేరుతుంటాయి.

పెన్నాగట్టు

అన్నా, ఇవాళ చెల్లెలు తన పర్సనల్ మెయిల్ చూపించింది. 12న హెచ్ఆర్ నుంచి సెటిల్‌మెంట్ వివరాలు వచ్చాయి. అందులో ఒక లైన్ ఉంది: అక్టోబరు పెట్టీ క్యాష్‌లో తేలిన 3,150 తేడా దృష్ట్యా సేవలు ముగించడమైనది, ఆ మొత్తం మినహాయించబడును. ఆ తేడా గురించి ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ నెల వోచర్లలో రెండు డ్రైవర్ల దగ్గరే ఉండిపోయాయంట, ఆమె అప్పుడే మేనేజర్‌కి మెసేజ్ పెట్టింది కూడా. కింద ఒక ఫారం పంపారు, సంతకం పెడితేనే డబ్బు వేస్తామని.

కోర్టు సెంటర్

ఇది మొదటే చెప్పాల్సిన సంగతి. కేసు స్వరూపమే మారిపోయింది.

10వ తేదీ లెటర్లో కారణం లేదు, సాదాగా ఉంది. 12వ తేదీ మెయిల్ అసలు కారణం డబ్బు తేడా అని రాతలో ఒప్పుకుంది. పనితీరు సరిపోలేదని తీసేయడం ఒకటి, డబ్బులో తప్పు చేసిందని తీసేయడం ఇంకొకటి. రెండోది దుష్ప్రవర్తన ఆరోపణ. దానికి ఛార్జి చెప్పాలి, వివరణ తీసుకోవాలి, విచారణ జరగాలి. షాపుల చట్టం కింద కూడా దుష్ప్రవర్తన పేరుతో తీసేయాలంటే ఆ పద్ధతి తప్పదు. తీసేసిన లెటర్లో మచ్చ లేకపోయినా, దానికి జతపడిన వేరే కాగితంలో మచ్చ ఉంటే చాలని 1999లో ఎస్.ఎన్. బోస్ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒంగోలు హెచ్ఆర్

ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించను సార్. ఆ బోస్ సెంటర్ ప్రభుత్వ సంస్థ. ఆ తీర్పుల వెనక రాజ్యాంగం ఉంది. ప్రైవేటు కంపెనీ మీద ఆ మాటలు అట్టాగే పెట్టలేం. పైగా 47వ సెక్షన్లో సహేతుకమైన కారణం లేకుండా అని ఉంది కదా, క్యాష్ తేడా సహేతుక కారణమే, కాబట్టి నెల జీతం కూడా అక్కర్లేదు అని కంపెనీ లాయరు వాదిస్తాడు. నేనే కంపెనీ వైపు ఉంటే అదే చెప్పిస్తా.

కోర్టు సెంటర్

వాదించొచ్చు. బోస్ సెంటర్ ప్రభుత్వ సంస్థే, ఆ తీర్పు ఇక్కడ దారి చూపుతుందే గానీ అచ్చంగా అతకదు, ఒప్పుకుంటా. కానీ కంపెనీ ఆ వాదన ఎత్తుకున్న క్షణమే ఒక ఇరుకులో పడుతుంది. కారణం లేదంటే నెల జీతం ఇవ్వాలి. క్యాష్ తేడాయే కారణమంటే ఆమెను అడిగిన కాగితం చూపించాలి. అదీ లేదు. ఈ రెండింటిలో ఏదో ఒకటి తేల్చుకోమని మీ మొదటి ఉత్తరంలోనే అడగండి. అధికారి ముందు ఏది నిలుస్తుందో అప్పుడు చూద్దాం.

పెన్నాగట్టు

ఇప్పుడు ఏం చేయమంటారు? ఆ ఫారం మీద సంతకం పెట్టమంటారా?

కోర్టు సెంటర్

ఫారంలో చివరి పేరా చూడండి. నాకు రావాల్సినవన్నీ ముట్టాయి, కంపెనీ మీద ఇక ఏ క్లెయిమూ లేదు అని ఉంటే పెట్టొద్దు. కష్టపడిన రోజుల జీతం ఆ సంతకానికి ముడిపెట్టడానికి వాళ్లకి హక్కు లేదు. తప్పక పెట్టాల్సి వస్తే సంతకం పైన, అభ్యంతరాలతో స్వీకరించాను, నోటీసు జీతంపై నా క్లెయిము అలాగే ఉంది అని ఆమె చేత్తో రాసి తేదీ వేయాలి.

కాగితాలు ఈ రోజే పోగుచేయండి. ఆఫర్ లెటర్, 10వ తేదీ లెటర్, 12వ తేదీ మెయిల్ పూర్తి హెడరుతో, ఎనిమిది నెలల జీతం స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు. వోచర్ల గురించి మేనేజర్‌కి పెట్టిన మెసేజ్ స్క్రీన్‌షాట్‌లో తేదీ, నంబరు కనపడాలి. కేవలం ఆ మాటల ముక్క కత్తిరించి పెడితే ఎందుకూ పనికిరాదు. కంపెనీ మెయిల్ ఈపాటికి ఆపేసి ఉంటారు. అందులోని ఫైళ్లు ఎవరి చేతనో దొంగగా తెప్పించొద్దు, అది ఎదురు తిరుగుతుంది.

తర్వాత ఒక పేజీ ఉత్తరం. మొదటి పేరాలో చేరిన తేదీ, తీసేసిన తేదీ. రెండో పేరాలో 47వ సెక్షన్ ప్రకారం నెల జీతం 24,000, ఇస్తామన్నది 5,600, ఇంకా రావాల్సింది 18,400. మూడో పేరాలో 3,150 ఆరోపణకు జవాబు, ఆ వోచర్ల సంగతి, ఆ కోత వెనక్కి తీసుకోమని. కోపం ఒక్క మాటలో కూడా కనపడొద్దు. స్పీడ్ పోస్టులో రిజిస్టర్డ్ ఆఫీసుకి ఒకటి, టౌన్ ఆఫీసుకి ఒకటి. పదిహేను రోజులు గడువు ఇవ్వండి.

జవాబు రాకపోతే నెల్లూరులో అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసుకి వెళ్లి 48వ సెక్షన్ కింద అప్పీలు వేయాలి. అప్పీలుకి కాలపరిమితి ఉంటుంది, కాబట్టి కంపెనీతో ఫోన్లలో నెలలు గడపకండి. వాళ్లు ఆలోచిస్తాం, చూస్తాం అంటూ ఉంటే అప్పీలు వేసి ఆలోచించనివ్వండి.

ఒంగోలు హెచ్ఆర్

ఇంకో చిన్న సంగతి. పీఎఫ్ మెంబర్ పోర్టల్లో Service History తెరిచి చూస్తే నవంబరు 10 నిష్క్రమణ తేదీగా పడిందా లేదా తెలుస్తుంది. కంపెనీ వేయకపోతే రెండు నెలలు ఆగి ఆమే Manage మెనూలో Mark Exit ద్వారా వేసుకోవచ్చు. అది పడకపోతే పాత పీఎఫ్ కొత్త కంపెనీకి మార్చుకోవడంలో ఇబ్బంది వస్తుంది.

తెల్లచొక్కా

నేను ముందు అపార్థం చేసుకున్నా, క్షమించండి. ఒక డౌటు. రిలీవింగ్ లెటర్లో కూడా ఆ క్యాష్ మాట రాస్తే ఆ అమ్మాయికి ఇంకో చోట ఉద్యోగం ఎట్ట వస్తుంది?

కోర్టు సెంటర్

మంచి ప్రశ్న. 18,400 కంటే అదే పెద్ద విషయం. అందుకే ఉత్తరంలో నాలుగో పేరా పెట్టండి: చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా మాత్రమే ఉండే సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలి అని. కంపెనీలు చాలావరకు ఆ దగ్గర రాజీకి వస్తాయి, ఎందుకంటే వాళ్లకి దాని వల్ల పైసా ఖర్చు ఉండదు.

పెన్నాగట్టు

ఉత్తరం రెండు చోట్లకీ ఈ రోజు పంపాం, రసీదులు దాచా. సాయంత్రానికే టౌన్ ఆఫీసు మేనేజర్ ఫోన్ చేశాడు. నెల జీతం ఇస్తాం, సర్టిఫికెట్ మీరడిగినట్టే ఇస్తాం, కానీ 3,150 మాత్రం పట్టుకుంటాం, 12వ తేదీ మెయిల్ సంగతి ఎక్కడా ఎత్తొద్దు అంటున్నాడు. ఆ 3,150 ఒప్పుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని చెల్లెలు ససేమిరా అంటోంది.

కోర్టు సెంటర్

ఆమె అన్నదే సరైంది. ఫోన్లో అన్నదంతా మెయిల్లో పెట్టమని అడగండి, అప్పుడు మాట్లాడదాం.